i7 అన్నాడని కొనేశాను, గేమ్ ఓపెనే అవ్వట్లేదు. పాత సిస్టమ్ కొనేవాళ్లు AVX చూసుకోండి

ఏవండోయ్, భీమవరం, తణుకు, పాలకొల్లు వైపు సెకండ్ హ్యాండ్ గేమింగ్ సిస్టమ్ వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కొనేముందు ఒక్కసారి ఇది చదవండి, నాకు 18 వేలు పెట్టాక తెలిసింది.

షాపతను చెప్పింది ఐ7, 8 జీబీ ర్యామ్, 4 జీబీ 1050 టీఐ కార్డు. క్యాబినెట్ నిండా రంగుల లైట్లు. పాత గేములు రెండు ఆడించి చూపించాడు, బ్రహ్మాండంగా ఆడాయి, ఆటోలో వేసుకుని పాలకొల్లు తెచ్చేసుకున్నా. ఇంటికొచ్చి నాకు కావాల్సిన గేమ్ పెట్టా, 70 జీబీ, మధ్యలో కరెంటు పోతూ వస్తూ రెండు రోజులు పట్టింది దిగడానికి. డబుల్ క్లిక్ చేస్తే గుండ్రం ఒక్క క్షణం తిరిగి ఆగిపోద్ది, అంతే, ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, టాస్క్ మేనేజర్‌లో పేరు అలా కనబడి మాయం. డ్రైవర్లు మార్చా, విండోస్ మళ్లీ వేశా, గేమ్ తీసేసి మళ్లీ దింపా (ఇంకో రెండు రోజులు). షాపుకి ఫోన్ చేస్తే "ఐ7 అండి బాబూ, ఇంకేం కావాలి, గేమ్‌లోనే ఏదో తేడా ఉంటది చూస్కోండి" అన్నాడు.

చివరికి Event Viewer తెరిచి Windows Logs లో Application చూస్తే గేమ్ పేరు మీద ఎర్ర గుర్తుతో ఈ లైను ఉంది:

```
Exception code: 0xc000001d
```

దీనర్థం ప్రాసెసర్‌కి అసలు రాని ఆర్డర్ ఏదో గేమ్ ఇచ్చింది, అది నాకు తెలీదని చేతులెత్తేసింది, విండోస్ గేమ్‌ని మూసేసింది. నా కేసులో ఆ రాని ఆర్డర్ AVX. పాత SSE పద్ధతిలో ప్రాసెసర్ ఒక దెబ్బకి నాలుగు దశాంశ సంఖ్యల మీద లెక్క చేస్తే AVX లో ఎనిమిదింటి మీద చేస్తది. ఇంటెల్‌లో ఇది 2011లో రెండో జనరేషన్‌తో వచ్చింది, నాకు అంటగట్టింది i7-870, 2009ది. గేమ్ తయారుచేసేవాళ్లు AVX ఉంటదనే నమ్మకంతో కంపైల్ చేసేస్తే, లేనివాళ్ల కోసం వేరే దారి పెట్టకపోతే, ఇక ర్యామ్ పెంచినా కార్డు మార్చినా బయోస్ అప్‌డేట్ చేసినా ఉపయోగం లేదు, ఎందుకంటే అది చిప్ లోపల సర్క్యూట్‌గా ఉండాల్సిన సంగతి.

అన్నిసార్లూ మొదట్లోనే ఆగాలని కూడా లేదు. సైబర్‌పంక్ 2077 వచ్చిన కొత్తలో ఇలాంటి ప్రాసెసర్ల మీద మొదలై, ప్రోలాగ్ చివర్లో క్రాష్ అయ్యేది, 2020 డిసెంబర్‌లో 1.05 ప్యాచ్‌లో AVX వాడకం తీసేశారు. అలా కంపెనీవాళ్లు తీస్తే తప్ప మనం చేసేది లేదు. ఎమ్యులేటర్‌తో నడిపించొచ్చంటారు గానీ ఆ నత్తనడకకి గేమ్ ఆడలేం.

నమ్మకం కుదరక నరసాపురంలో మా బావ రొయ్యల మేత కొట్టుకెళ్లా. ఆయన లెక్కలు రాసుకునే సిస్టమ్ i3-2100. నా కార్డు తీసి అందులో పెట్టి, గేమ్ హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి నొక్కితే తెరుచుకుంది! ఆగి ఆగి నడిచింది అనుకోండి, కానీ తెరుచుకుంది. బావ నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు. ఐ7 ఓపెన్ చెయ్యలేనిది మేత కొట్టు ఐ3 చేసేసింది.

కాబట్టి షాపులో పేరు చూడకండి, నంబర్ చూడండి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో i7 CPU 870 అని మూడంకెలుంటే మొదటి జనరేషన్, AVX ఉండదు. డెస్క్‌టాప్ ఐ3, ఐ5, ఐ7లో నాలుగంకెలుండి 2తోనో 3తోనో మొదలైతే AVX ఉంటది, AVX2 కూడా అడిగే గేములకైతే కనీసం 4తో మొదలవ్వాలి. పెంటియం, సెలెరాన్ దగ్గర మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు, G4560 అనేది 2017ది, అయినా దానికి AVX లేదు. ఏఎమ్‌డీ ఫినామ్‌లకీ లేదు. ఇవన్నీ గుర్తుండవనుకుంటే పెన్‌డ్రైవ్‌లో CPU-Z పట్టుకెళ్లి అక్కడే తెరవండి, Instructions అనే గడిలో AVX కనబడకపోతే లేచి వచ్చెయ్యండి.

ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే పోద్ది కదా అనుకున్నా నేనూ. 870 కూర్చునే సాకెట్ LGA1156, అందులో పట్టేవన్నీ మొదటి జనరేషనే, ఒక్కదానికీ AVX లేదు. దాంతో బోర్డు కూడా మార్చాల్సొచ్చింది, H81 బోర్డు, i5-4570 రెండూ పాతవే తీసుకున్నా, డీడీఆర్3 కాబట్టి ర్యామ్ ఒక్కటీ పనికొచ్చింది. ఇప్పుడు గేమ్ ఓపెన్ అవుతోంది.

ఆ షాపులో అలాంటి లైట్ల క్యాబినెట్లు ఇంకో రెండు చూశా. రెండిటి మీదా ఐ7 అని స్టిక్కరే ఉంది, నంబర్ లేదు.