ఫారం నింపిన వాళ్లకు ఆటోమేటిక్ మెసేజ్‌లు: ఏడాదిన్నర వాడాక

మాది గుంటూరులో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే చిన్న సంస్థ. ఫేస్‌బుక్ ప్రకటన చూసి ఫారం నింపిన వాళ్లకు వాట్సాప్, ఈమెయిల్ వరుసగా వెళ్లేలా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఏడాదిన్నర అయింది. పెట్టినందుకు సంతోషంగానే ఉన్నాను, కానీ మొదటి ఆరు నెలలు తప్పుగా వాడాం.

అప్పట్లో మా మొదటి మెసేజ్ "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు" అని వెళ్లేది. దానికి ఎవరైనా ఏం జవాబిస్తారు? వాట్సాప్‌లో అవతలి మనిషి జవాబిస్తేనే 24 గంటల పాటు మనం మామూలుగా మాట్లాడగలం. లేదంటే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ ఒక్కటే పంపగలం. అది కూడా అందరికీ చేరదు. ఒక మనిషికి అన్ని సంస్థల నుంచీ కలిపి వెళ్లే ప్రచార మెసేజ్‌లకు వాట్సాప్ పరిమితి పెట్టింది. రిపోర్టులో 131049 అనే ఎర్రర్ కనిపిస్తే కారణం అదే. మేము నంబరు తప్పనుకుని చాలామందిని వదిలేశాం. వెంటనే మళ్లీ పంపినా ఉపయోగం ఉండదు, కొన్ని రోజులు ఆగాలి, లేదా ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఫారం నింపిన నిమిషంలోపే "మీ కరెంటు బిల్లు సుమారు ఎంత వస్తుంది?" అని మూడు బటన్లతో అడుగుతున్నాం. వేలితో ఒక్కసారి నొక్కితే చాలు కాబట్టి జవాబులు బాగా పెరిగాయి. బిల్లు తెలిస్తే ఎన్ని కిలోవాట్లు కావాలో మా వాళ్లు అక్కడే చెప్పేస్తారు. రెండో రోజు సబ్సిడీ గురించి పంపుతాం: పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78,000 రూపాయలు. అయిదో రోజు అంచనా ఖర్చు ఈమెయిల్‌లో వెళ్తుంది. ఫేస్‌బుక్ ఫారంలో పాత ఈమెయిల్ దానంతటదే నిండిపోతుంది కాబట్టి ఈ మెట్టు బలహీనం.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది వేరే సంగతి. బ్రాడీపేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఏమ్మా, నిన్ననే మీ కుర్రాడు వచ్చి మేడ కొలుచుకెళ్లాడు. ఇవాళ ఇంకా ఆసక్తి ఉందా అని అడుగుతారేంటి?" అన్నారు. ఆయనతో మాట్లాడింది మా కుర్రాడి సొంత ఫోన్‌లో, ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పైగా అది మెసేజ్‌ల వరుస మొదలయ్యేటప్పుడు మాత్రమే ఆ కస్టమర్ స్టేటస్, అంటే అతనితో పని ఎంతవరకు వచ్చిందన్నది, చూసేలా పెట్టి ఉంది. ప్రతి మెసేజ్‌కు ముందూ చూసేలా మార్చాం. ఫోన్ పెట్టేయగానే స్టేటస్‌ను "మాట్లాడాం" అని మార్చాలన్నది కూడా నియమం చేశాం. అలా మారిస్తే మిగతావన్నీ ఆగిపోతాయి.

ఆ పెద్దాయన ఇంటికి నేనే వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆర్డర్ మాత్రం వేరే వాళ్లకు ఇచ్చేశారు.