ఏనుగు బొమ్మ స్వెటర్ కిట్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

అల్లికలు చేసే అక్కలకి, చెల్లెళ్ళకి ఒక హెచ్చరిక. అక్క వాళ్ళ బాబుకి స్వెటర్ అల్లుదామని ఆన్‌లైన్‌లో ఇంటార్షియా కిట్ తెప్పించాను, ఎర్ర స్వెటర్ మీద బూడిద రంగు ఏనుగు. ఇంటార్షియా అంటే ఒక్కో రంగు భాగానికి విడిగా ఊలు పెట్టుకుని బొమ్మ అల్లడం. బాక్స్ మీద ఫోటో ఎంత ముద్దుగా ఉందో! లోపల ఊలు కూడా బానే ఉంది. అసలు తేడా కొట్టింది ఎలా అల్లాలో రాసిన కాగితంలోనూ, ఊలు చుట్టుకునే బాబిన్లలోనూ.

కాగితంలో "ఇక్కడ రంగు మార్చండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, రెండు రంగుల పోగుల్నీ ఒకదానితో ఒకటి మెలేయాలని ఎక్కడా లేదు. నాకు ఇంటార్షియా ఇదే మొదటిసారి, వాళ్ళు చెప్పినట్టే ఎర్ర ఊలు వదిలేసి బూడిద ఊలు అందుకుని అల్లుకుంటూ పోయాను, 22 వరసలయ్యాక వెలుతురుకి ఎత్తి చూస్తే ఏనుగు కాలి పక్కన నిలువునా చీలిక, వేలు దూరిపోతోంది. రెండు రంగులూ అసలు ఒకదానికొకటి పట్టుకోనేలేదు, పక్కపక్కన రెండు విడి ముక్కల్లా ఉన్నాయి. మొత్తం విప్పేశాను.

చేయాల్సింది ఏంటంటే, అయిపోయిన రంగు ఊలుని ఎడమ పక్కకి వేసి, కొత్త రంగుని దాని కిందనుంచి పైకి తీసుకుని అప్పుడు కుట్టు వేయాలి. నిట్ వరసలోనూ పర్ల్ వరసలోనూ ఇదే, మెలిక మాత్రం ఎప్పుడూ వెనక వైపే పడాలి. నిలువు గీతలో ఒక్క వరస కూడా వదలకూడదు. వెనక తిప్పి చూస్తే రంగులు కలిసేచోట వరసకో చిన్న మెలిక కనిపించాలి, కనిపించకపోతే అక్కడ చిల్లే. మెలిక ఉండి కూడా కుట్టు వదులుగా కనిపిస్తే కంగారు పడొద్దు, సూది మొనతో పక్క కుట్లలోకి సర్దేస్తే సరిపోతుంది.

ఇక బాబిన్లు. కిట్‌లో మూడే ఇచ్చారు. కింద అంచు నుంచి మొదలుపెడితే ముందు వచ్చేది ఏనుగు కాళ్ళు కదా, ఎరుపు, కాలు, మధ్యలో ఎరుపు, ఇంకో కాలు, మళ్ళీ ఎరుపు, అంటే ఐదు ఊలు పోగులు వేలాడాలి! కాలి వెనకనుంచి ఎర్ర ఊలు లాక్కెళ్ళమని రాశారు, 12 కుట్ల వెడల్పున అలా లాగితే ముందువైపు బట్ట ముడుచుకుపోతుంది. పైగా ఆ బాబిన్ల గాడి వదులు, ఊలు నిలవదు, అల్లిక తిప్పిన ప్రతిసారీ కిందికి జారి మిగతావాటితో చుట్టుకుపోతోంది.

బాబిన్లు పక్కన పడేసి, చిన్న భాగాలకి రెండు మీటర్ల చొప్పున ఊలు కత్తిరించి ఊరికే వేలాడదీశాను. చిక్కుపడినా ఆ ఒక్క పోగు పట్టుకుని లాగితే బయటికి వచ్చేస్తుంది. వరస చివర అల్లికని ఒకసారి కుడికి తిప్పితే తర్వాతి వరసకి ఎడమకి తిప్పుతున్నాను, ఎప్పుడూ ఒకే వైపు తిప్పితే పోగులన్నీ జడలా అల్లుకుపోతాయి.

డబ్బు వెనక్కి అడిగితే ప్యాకెట్ తెరిచారు కాబట్టి కుదరదన్నారు. అందుకే కొనేముందు అమ్మేవాళ్ళని రెండు అడగండి, స్వెటర్ వెనక వైపు ఫోటో ఒకటి, బాబిన్లు ఎన్ని ఇస్తారని. వెనక వైపు ఫోటో పంపనంటే మాత్రం కొనకండి.