ముందే తీసి పెట్టడమా, మిగిలింది దాచడమా?

తమ్ముడూ,

కొత్త ఉద్యోగంలో మొదటి జీతం రాబోతోంది కదా, జీతాన్ని ఖర్చుకీ పొదుపుకీ విడదీయడానికి రెండు పద్ధతులున్నాయి. నెలాఖరున మిగిలింది దాచడం ఒకటి, జీతం పడ్డ మర్నాడే తీసి పక్కన పెట్టడం రెండోది. మొదటి పద్ధతిలో ఖాతాలో కనిపించేదంతా ఖర్చుకే అనిపిస్తుంది. నెలాఖరుకి దాచడానికి ఏమీ ఉండదు.

నన్నడిగితే రెండోదే నయం. ఆఫర్ లెటర్లో అంకె కాదు, కోతలు పోగా చేతికొచ్చింది 100 అనుకో. 30 వేరే ఖాతాకి దానంతటదే వెళ్లిపోవాలి. 20 ఇంటికి, 10 సరదాలకి, మిగతా 40 అద్దె, తిండి, ప్రయాణాలకి. సరదాల డబ్బుకి విడిగా కార్డు పెట్టుకో, అయిపోతే వెంటనే తెలుస్తుంది.

దీనికీ ఓ చిక్కుంది. నెల మధ్యలో చేరితే మొదటి జీతం తక్కువ పడుతుంది. ఖాతాలో డబ్బు చాలక బదిలీ ఆగితే బ్యాంకు జరిమానా వేయొచ్చు. అందుకని ఈసారికి చేత్తో పంపు, పూర్తి జీతం వచ్చాక ఆటోమేటిక్ చెయ్యి. ఇంటికి మాత్రం ఉత్సాహంలో ఎక్కువ పంపకు, పిన్నీ బాబాయ్ ప్రతి నెలా అంతే వస్తుందని లెక్కేసుకుంటారు.