హెడ్‌లైనా, కోరా: ధరల లెక్కకు ఏది మేలు?

ప్రతి నెలా ద్రవ్యోల్బణం అంకెలు రాగానే నన్ను చాలామంది అడిగేది ఒకటే: "కూరగాయలు మండిపోతుంటే కోర్ మాత్రం అదుపులో ఉందంటారు, ఇందులో ఏది నమ్మాలి?" సగటు ఇల్లు కొనే సరుకుల, సేవల జాబితాను బుట్ట అంటారు. ఆ బుట్టలోని అన్నిటి ధరల పెరుగుదలనూ కలిపితే వచ్చేది హెడ్‌లైన్, అందులోంచి ఆహారాన్నీ ఇంధనాన్నీ తీసేస్తే మిగిలేది కోర్ అని మీకు తెలిసిందే. కాబట్టి నేరుగా 2023 జులైకి వెళ్దాం.

ఆ నెల టమాటా ధర అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు మూడు రెట్లయింది. 2012 ఆధార సంవత్సరంగా వేసిన అప్పటి బుట్టలో టమాటా వెయిటేజీ, అంటే మొత్తం ఖర్చులో దాని వాటా, 0.57 శాతమే. కానీ ధర 200 శాతం పెరిగితే, ఆ కాస్త వెయిటేజీతోనే మొత్తం సూచీ మీద ఒక శాతానికి పైగా భారం పడుతుంది. కూరగాయలన్నిటి వెయిటేజీ 6 శాతం, అవి ఏడాదిలో 37 శాతం పెరిగాయి. అంటే ఒక్క కూరగాయల వల్లే రెండు శాతానికి పైగా. జూన్‌లో 4.87 ఉన్న హెడ్‌లైన్ జులైలో 7.44కు ఎగిరింది. కోర్ మాత్రం 5 శాతం దగ్గరే ఉంది.

కోర్ పక్షం వాదన ఇక్కడే బలంగా నిలుస్తుంది. వడ్డీ రేటు పెంచితే దాని ప్రభావం పూర్తిగా కనిపించడానికి ఏడాదికి పైనే పట్టొచ్చు, కొత్త టమాటా పంట రెండు మూడు నెలల్లో మార్కెట్‌కు వచ్చేస్తుంది. వాన వల్ల పెరిగిన ధరను ఇంటి లోన్ వడ్డీ పెంచి తగ్గించలేం. జరిగిందీ అదే: రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం దగ్గరే ఉంచింది, అక్టోబర్ కల్లా హెడ్‌లైన్ మళ్లీ 4.87కు దిగింది. ఆ మూడు నెలల వరకూ కోర్ చెప్పిందే నిజం.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2023 నవంబర్ నుంచి 2024 జూన్ దాకా ఆహార ద్రవ్యోల్బణం ఏ నెలా 8 శాతం కంటే దిగలేదు. అదే కాలంలో కోర్ 3 శాతం దరిదాపులకు పడిపోయింది. అప్పుడే, 2024 జులైలో, ఆర్థిక సర్వే ఒక సూచన చేసింది: రిజర్వ్ బ్యాంక్ ద్రవ్యోల్బణ లక్ష్యం నుంచి ఆహారాన్ని తీసేసే విషయం ఆలోచించాలని. నేను ఒప్పుకోలేనిది సరిగ్గా ఇదే. ఒక నెల ఎగిరి దిగే ధరను పక్కన పెట్టడం వేరు, ఎనిమిది నెలలు దిగని ధరను లెక్కలోనే లేకుండా చేయడం వేరు. ఆ బుట్టలో ఆహారం, పానీయాల వాటా దాదాపు 46 శాతం, పల్లెల్లో 54. అమెరికాలో ఆహారం వాటా 15 శాతం లోపే, అక్కడ తీసేసినా బుట్టలో అధిక భాగం మిగులుతుంది. ఇక్కడ అప్పట్లో తీసేసి ఉంటే పల్లెలో ఒక ఇంటి ఖర్చులో సగం పైగా మాయమయ్యేది. ఆ ఇల్లు కూలి పెంచమని అడిగేది కందిపప్పు ధర చూసే.

నిజమే, అప్పట్లో ఆహారం మంట కోర్‌కు అంటుకోలేదు, ఆ మాట కోర్ పక్షానికి ఇవ్వాలి. కానీ ముందుగా ఆ సంగతి ఎవరికీ తెలియదు. అంటుకుంటే కూలీలూ, హోటల్ రేట్లూ కలిసి పెరుగుతాయి. 2024 ఆధార సంవత్సరంగా వేసిన కొత్త సిరీస్‌లో ఆహారం వెయిటేజీ తగ్గింది, అయినా అమెరికాకు చాలా దూరంలోనే ఉంది.

కోర్ అంటే ఎప్పుడూ నిలకడగా ఉండేది అన్న నమ్మకం కూడా వద్దు. 2025 అక్టోబర్‌లో ఆహారం ధరలు ఏడాదిలో 5 శాతం తగ్గి హెడ్‌లైన్ 0.25కు పడిపోతే, కోర్ 4 శాతానికి పైనే ఉంది. అందులో పెద్ద పాత్ర బంగారానిది. అప్పటి బుట్టలో దాని వెయిటేజీ 1 శాతం చిల్లరే గానీ ధర ఏడాదిలో సగానికి పైగా పెరిగింది, అది కోర్‌లోనే ఉంటుంది. పెట్రోల్ సంగతీ చూడండి: పాత సిరీస్‌లో 'ఇంధనం, వెలుతురు' గ్రూపులో వంటగ్యాస్, కరెంటు ఉంటాయి, బండిలో పోసే పెట్రోల్ రవాణా కిందికి వెళ్తుంది. దాన్ని ప్రత్యేకంగా తీసేయకపోతే కోర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కోర్ అంకె చూసినప్పుడు ఏమేం తీసేశారో కూడా చూడాలి.

ఈ రెండూ కాకుండా, బాగా పెరిగినవీ బాగా తగ్గినవీ రెండు చివర్లా కత్తిరించే ట్రిమ్డ్ మీన్ పద్ధతి ఉంది, పరిశోధకులకు పనికొస్తుంది.

నా మొగ్గు హెడ్‌లైన్ వైపే. జీతం, డీఏ, పెన్షన్ విషయాల్లో మరో మాట లేదు. వడ్డీ రేట్లు ఎటు పోతాయో అంచనా వేయాలంటే పక్కన కోర్ పెట్టుకుని, రెండిటి మధ్య తేడా దేనివల్ల వచ్చిందో చూడండి. టమాటా, ఉల్లి వల్లయితే ఒక పంట కాలం ఆగవచ్చు. పప్పులు, బియ్యం, పాల వల్లయితే ఆగకూడదు. కంది పంట ఏడాదికొకసారే చేతికొస్తుంది, 2023, 2024ల్లో కందిపప్పు ధర అంతకాలం దిగకపోవడానికి కారణాల్లో అదొకటి.