బ్యాంకు స్టేట్‌మెంట్ నరేషన్: ఏళ్లుగా చదువుతున్నాక నా సమీక్ష

విజయవాడ వన్‌టౌన్‌లో మాది చిన్న హోల్‌సేల్ కొట్టు. కొట్టు సేవింగ్స్ ఖాతాకి పాస్‌బుక్ ఎంట్రీ మానేసి, నెలనెలా పీడీఎఫ్ స్టేట్‌మెంటే తీసుకుంటున్నాను. మా పాస్‌బుక్‌లో నరేషన్, అంటే ప్రతి లావాదేవీ పక్కన ఉండే వివరం, సగంలో తెగిపోతుంది; పీడీఎఫ్‌లో చాలావరకు పూర్తిగా వస్తుంది. నా దృష్టిలో అదొక్కటే చాలు దీన్ని ఎంచుకోవడానికి.

ఎక్కువ కంగారు పెట్టేవి యూపీఐ లైన్లు. నమూనాకి ఒకటి:

```
UPI/DR/528714306912/VENKATA/SBIN/q4187335/UPI
```

DR అంటే మన ఖాతాలోంచి పోయింది, CR అయితే వచ్చింది. తర్వాతి 12 అంకెలు ఆ లావాదేవీ నంబరు. ఆపైన డబ్బు అందుకున్నవారి పేరు, వాళ్ల బ్యాంకు, యూపీఐ ఐడీ ముక్క. ఇలాంటి లైనే ఒకసారి 340 రూపాయలతో కనిపించింది. ఆ పేరుగల మనిషెవరూ మాకు తెలీదు. ఆ 12 అంకెలు పట్టుకుని ఫోన్‌లోని యూపీఐ యాప్ హిస్టరీలో వెతికితే గవర్నర్‌పేటలో టిఫిన్ చేసిన పొద్దు దొరికింది. బోర్డు మీద హోటల్ పేరు, క్యూఆర్ వెనక ఖాతా ఓనరు పేరు. అందుకే పేరు చూసి నిర్ణయానికి రాకండి, నంబరు చూడండి. ఆ ఖాతా ఉన్న ఏ యాప్‌లోనూ, ఇంట్లో ఎవరి ఫోన్‌లోనూ ఆ నంబరు లేకపోతే అప్పుడది నిజంగా తెలియని ఎంట్రీ.

236, 590 లాంటి వింత మొత్తాలు కనిపిస్తే 1.18తో భాగించండి. 200, 500 అని గుండ్రంగా వస్తే, అది 18 శాతం జీఎస్టీ కలిపిన బ్యాంకు చార్జీ అయ్యే అవకాశం ఎక్కువ. మే నెలాఖరులో 436, 20 పోతే ప్రధానమంత్రి జీవనజ్యోతి, సురక్ష బీమాల ప్రీమియం అయ్యుంటుంది.

నాకు చికాకు తెప్పించింది మాత్రం `ACH D` ఎంట్రీ. అంటే ఖాతాలోంచి డబ్బు తీసుకోమని మనం ఎప్పుడో ఇచ్చిన అనుమతి, అదే మాండేట్, దాని మీద ఎవరో నెలనెలా లాగుకుంటున్నారన్నమాట. మాకు 299 చొప్పున పోయేది, కంపెనీ పేరు ముక్కే ఉంది. నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల పేజీ తెరిస్తే పూర్తి పేరు, ఆ మాండేట్‌ని గుర్తించే UMRN నంబరు, గరిష్ఠ పరిమితి కనిపించాయి. ఫోన్ కిస్తీల మీద కొన్నప్పుడు అంటగట్టిన వారంటీ ప్లాన్ అది. అక్కడే రద్దు చేశాను. పాత నెలల డబ్బు కోసం కంపెనీతో వేరే పోట్లాడాల్సి వచ్చింది. రద్దు చేసినంత మాత్రాన పోయింది తిరిగి రాదు.

అసలు లెక్క తేలని డెబిట్ అయితే ఆలస్యం చేయొద్దు. తప్పు మనదీ బ్యాంకుదీ కాని మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది. ఓటీపీ మనమే చెప్పేసుంటే ఈ రక్షణ ఇలా వర్తించదు. ముందు బ్యాంకుకి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సైబర్ మోసం అనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. నెలాఖరు స్టేట్‌మెంట్ దాకా ఆగితే ఆ 3 రోజులు దాటిపోతాయి కాబట్టి, ఎస్సెమ్మెస్ అలర్ట్ మాత్రం ఎప్పుడూ ఆపుకోవద్దు.