అంకెలు ఉంచి క్రియలు కొట్టేసే పద్ధతి: ఏడేళ్ళు వాడాక

ఈ పద్ధతి నాకు నేర్పింది మా ల్యాబ్‌లో సీనియర్ అక్క. తార్నాకలో నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, మొదటి పేపర్‌కి రాసిన మెథడ్స్ కాగితాలు పట్టుకెళ్తే, ఎర్ర పెన్ను తీసి క్రియలన్నీ వరసగా కొట్టేసింది. "తీసుకున్నాం, కలిపాం, జాగ్రత్తగా వంపాం, తర్వాత పక్కన పెట్టాం... ఇదంతా వంట చెప్పడం. చదివేవాడికి వంట వచ్చు. వాడికి కావాల్సింది ఎంత, ఎంతసేపు, ఎంత వేడి. అంకె మీద చెయ్యి వెయ్యకు, మిగతాది కొట్టెయ్" అంది. నాలుగు వందల పైచిలుకు పదాలు అరగంటలో నూట అరవై అయ్యాయి. నాకు నోట మాట రాలేదు.

అప్పట్నుంచీ ఇదే వాడుతున్నాను. మా ల్యాబ్‌లో పేపర్ రాసే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇదే చెప్పాను. జర్నల్ వాళ్ళు పదాలు తగ్గించమని వెనక్కి పంపితే మిగతావాళ్ళు టెన్షన్ పడతారు, నేను పడను.

మేం రాసేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. నా మొదటి డ్రాఫ్ట్‌లో ఇలా ఉండేది: "6.06 గ్రాముల ట్రిస్‌ను 800 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఉంచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 8.0కి తెచ్చి, నీటితో లీటరుకు నింపాం." అక్క దీన్ని "50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8.0" చేసింది. నిజమే కదా. 50 మిల్లీమోలార్ అని ఉంటే 6.06 గ్రాములని ఎవరైనా లెక్క కట్టుకుంటారు. 800 మిల్లీలీటర్లలో కరిగిస్తారా, 700లో కరిగిస్తారా అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఒక అంకె నుంచి ఇంకో అంకె వచ్చేస్తుంటే రెండోది బరువే.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. క్రియలు పోయాక, దాక్కున్న అంకెలు బయటపడతాయి. మేం చూసేది ఎస్టరేజ్ అనే ఎంజైము. దానికి పారా-నైట్రోఫినైల్ బ్యుటిరేట్ అనే పదార్థం ఇస్తే, ఎంజైము దాన్ని విడగొట్టి పారా-నైట్రోఫినాల్ వదులుతుంది. అది పసుపు రంగు. ఆ పసుపు ఎంత వేగంగా పెరుగుతోందో 405 నానోమీటర్ల దగ్గర చూస్తే ఎంజైము పని ఎంతో తెలుస్తుంది. అయితే ఆ పదార్థం ఎంజైము లేకపోయినా పీహెచ్ 8 దగ్గర తనంతట తానే కొద్దికొద్దిగా విడిపోతుంది. అందుకని ఎంజైము వెయ్యని క్యూవెట్‌ని కూడా చూసి, ఆ వేగాన్ని తీసేయాలి. నా పాత డ్రాఫ్ట్‌లో ఈ సంగతి మూడు వాక్యాల కింద కూరుకుపోయి ఉండేది, ఎవరి కంటా పడేది కాదు. కోత అయ్యాక "ఎంజైము లేని వేగం తీసివేసి" అని ఒక్క ముక్కగా మిగిలింది, వెంటనే కనిపించింది. పొట్టిగా రాస్తే మరింత స్పష్టంగా ఉంటుందని అప్పుడే నమ్మాను.

ఇదే సమీక్ష మూడేళ్ళ క్రితం రాసి ఉంటే ఇక్కడితో ఆపి, కళ్ళు మూసుకుని వాడుకోండి అనేదాన్ని.

రెండేళ్ళ కిందట, ఉప్పల్ వైపు ఒక ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. మా పేపర్‌లో ఎంజైముని వాళ్ళూ తయారు చేసుకున్నారట. "అక్కా, మీరు రాసిన అంకెలో అరవై శాతమే వస్తోంది నాకు. మూడు వారాలైంది, ఏం చేసినా అంతే" అంది. ప్రొటీన్ శుద్ధి బాగుందా అన్నాను. జెల్ ఫొటో పంపింది, మాకన్నా శుభ్రంగా ఉంది. పదార్థం పాతబడిందేమో అన్నాను. కొత్త సీసా తెప్పించిందట. స్పెక్ట్రోఫోటోమీటర్? దాన్నీ చెక్ చేసింది. ప్రతిసారీ అదే అరవై. ఇక్కడే నాకు అనుమానం రావాల్సింది. ఎంజైము చచ్చిపోతుంటే ఒకసారి యాభై, ఒకసారి డెబ్భై వస్తుంది. మూడు వారాల పాటు కదలకుండా అరవై దగ్గరే కూర్చుందంటే ఎక్కడో లెక్క తేడా అన్నమాట.

చివరికి ఒక శనివారం తన బఫర్ సీసా, ఐస్ బాక్సులో ఎంజైము పట్టుకుని మెట్రోలో తార్నాక వచ్చేసింది. సీసా మీద చక్కటి చేతిరాతతో "ట్రిస్ 50, పీహెచ్ 8.0" అని ఉంది. టీ తాగి వచ్చేసరికి సీసా మా ల్యాబ్ వేడికి, అంటే 25 డిగ్రీలకు వచ్చింది. ఊరికే మా మీటర్‌లో పెట్టి చూశాను. 7.4.

మీటర్ పాడైందనుకుని మళ్ళీ క్యాలిబ్రేట్ చేశాను. మళ్ళీ 7.4.

"ఈ బఫర్ పీహెచ్ ఎక్కడ కూర్చుని సరిచేశావు?" అన్నాను.

"చలి గదిలో అక్కా. అన్ని దశలూ 4 డిగ్రీల దగ్గర అని మీరే రాశారు కదా."

అవును, నేనే రాశాను. ఎంజైము శుద్ధి చేసే ప్రతి దశకూ ఉష్ణోగ్రత విడివిడిగా రాస్తే పదాలు దండగని, అన్నీ కలిపి "అన్ని దశలూ 4 డిగ్రీల వద్ద" అని ఒక్క వాక్యం చేశాను. ఆ వాక్యం నాకెంతో ముద్దొచ్చింది కూడా. అటు బఫర్ దగ్గర "గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఉంచి" అన్న ముక్కని క్రియ కింద లెక్కేసి అక్క కొట్టేసింది, నేను తలూపాను. ఈ రెండు కోతలూ విడివిడిగా చూస్తే ఏ తప్పూ లేదు. కలిపి చదివితే, చలి గదిలో పీహెచ్ సరిచేయమని చెప్తున్నట్టే ఉంది. ఆ అమ్మాయి మేం రాసింది రాసినట్టు చేసింది.

ట్రిస్ సంగతి తెలిసినవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే ట్రిస్ పీహెచ్ దాదాపు 0.028 పడిపోతుంది. మేం 25 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసి, 37 డిగ్రీల దగ్గర ప్రయోగం చేస్తాం. కాబట్టి క్యూవెట్‌లో అసలు పీహెచ్ 7.66. ఆ అమ్మాయి 4 డిగ్రీల దగ్గర 8.0కి తెచ్చి 37కి తీసుకెళ్ళింది, ముప్ఫై మూడు డిగ్రీల తేడా. ఆమె క్యూవెట్‌లో పీహెచ్ 7.08. మీటర్‌లో ఉష్ణోగ్రత సరిచేసే సదుపాయం ఉంది కదా అంటారేమో. అది ఎలక్ట్రోడ్ తప్పు చెప్పకుండా చూస్తుంది, అంతే. బఫర్ తనంతట తాను మారితే అది ఆపలేదు.

అయినా పీహెచ్ అర యూనిట్ పైచిలుకు మారితే అరవై శాతం ఎందుకొచ్చింది? మా ఎంజైము ఆ మధ్యలో పెద్దగా మారదు, అది ముందే చూసుకున్నాం. మారింది రంగు. పారా-నైట్రోఫినాల్ అంతా పసుపుగా ఉండదు. ప్రోటాన్ వదిలేసిన భాగమే పసుపు, మిగతాది 405 దగ్గర కనిపించనట్టే. దాని పీకేఏ సుమారు 7.15. లెక్క కడితే 7.66 దగ్గర వందలో 76 పాళ్ళు పసుపు, 7.08 దగ్గర 46 పాళ్ళే. 46ని 76తో భాగించండి: 0.6. మూడు వారాలుగా ఆమెని ఏడిపించిన అరవై అదే. ఎంజైము పూర్తిగానే పని చేసింది, అది వదిలిన దానిలో తక్కువ భాగం కంటికి కనిపించింది.

ఇందులో నన్ను ఎక్కువ గుచ్చింది వేరే. పసుపుని పరిమాణంలోకి మార్చే గుణకం మా పేపర్‌లో ఉంది, సుమారు 13,700. పూర్తి పసుపుకి అది 18,000 దాకా ఉండాలి. మా బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర మేమే కొలుచుకున్న అంకె కాబట్టి తక్కువ ఉంది. అంకె మీద చెయ్యి వెయ్యకు అన్న నియమం ప్రకారం దాన్ని భద్రంగా ఉంచాను. ఎక్కడ కొలిచానో మాత్రం కొట్టేశాను. తన బఫర్‌లో తనే కొలుచుకుని ఉంటే ఆమెకి 8,300 దగ్గర వచ్చేది, లెక్క సరిపోయేది. నా అంకె నమ్మి ఇరుక్కుంది.

ఆ రోజు 25 డిగ్రీల దగ్గర సరిచేసిన మా బఫర్‌లో, ఆమె తెచ్చిన ఎంజైముతోనే చేశాం. మా విలువ వచ్చింది. ఆ అమ్మాయి నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

పద్ధతి మానేశానా అంటే మానలేదు. ఇప్పటికీ క్రియలే ముందు కొడతాను. కాకపోతే ఏ అంకెకైనా "ఇది ఏ స్థితిలో నిజం?" అని అడిగి, ఆ జవాబు కోతలో పోయి ఉంటే తిరిగి తెస్తున్నాను. ఆ పేరాకి నేను చేర్చినవి రెండే ముక్కలు: "పీహెచ్ 8.0, 25 డిగ్రీల వద్ద" అని ఒకటి, "గుణకం అదే బఫర్‌లో, 37 డిగ్రీల వద్ద కొలిచాం" అని ఒకటి. పది పన్నెండు పదాలే. "అన్ని దశలూ" అన్న మాట మాత్రం ఇప్పుడు కనిపిస్తే చాలు ఒళ్ళు మండుతుంది. "శుద్ధి దశలు" అని రాస్తే ఏం పోయేది?

ఇంకొక అలవాటు చేసుకున్నాను. కోసిన పేరాని పక్క బెంచీ వాళ్ళకి ఇచ్చి, ప్రయోగం చేయొద్దు, రేపు పొద్దున్నే వచ్చి ఏం తూస్తావో ఏం కలుపుతావో వరసగా రాసివ్వు అంటాను. పావుగంట పని. మా ప్రాజెక్టులో వాళ్ళకి ఇస్తే ఉపయోగం లేదు, పోయిన ముక్కలు వాళ్ళ తలలోనే ఉంటాయి. వాళ్ళు నన్ను ప్రశ్న అడిగిన చోటల్లా ఒక ముక్క తిరిగొస్తుంది. నన్ను అడక్కుండా తప్పు రాసిన చోటు ఇంకా విలువైనది, ఆ అమ్మాయికి జరిగింది అదే కదా.

మీకు పనికొస్తుందా అంటే, మీరేం చేస్తారన్నదాన్ని బట్టి. ఫాస్ఫేట్ బఫర్ వాడేవాళ్ళకి ఉష్ణోగ్రత వల్ల వచ్చే మార్పు ట్రిస్‌తో పోలిస్తే పదో వంతే, నాకు జరిగినది వాళ్ళకి జరక్కపోవచ్చు. చివర్లో సోడియం కార్బొనేట్ వేసి రంగంతా పసుపు చేసి కొలిచేవాళ్ళకీ రంగు గొడవ ఉండదు. మాది రియాక్షన్ నడుస్తుండగానే కొలిచే పని, అందుకే దెబ్బ తగిలింది. జంతువుల మీదో పొలంలోనో పనిచేసేవాళ్ళ సంగతి నేను చెప్పలేను, అక్కడ ఏ క్రియ కింద ఏ అంకె దాక్కుని ఉంటుందో నాకు తెలీదు. అక్క ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంది. ఈ కథంతా ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ గది ఉష్ణోగ్రత ముక్క కొట్టింది నేనే కదా" అంది.