ఎక్సెల్‌లో పావుగంట లెక్క: నాలుగేళ్లు వాడాక

హెల్ప్‌డెస్క్‌కి వచ్చే కాల్స్ రికార్డు నాలుగేళ్లుగా ఎక్సెల్‌లో నేనే చూస్తున్నాను. కాల్ మొదలైన సమయాన్ని దగ్గరి పావుగంటకి సరిచేయాలి, ఏ గంటలో ఎన్ని కాల్స్ వచ్చాయో కూడా లెక్క తీయాలి. రెండింటికీ రోజూ వాడే ఫార్ములాలు ఇవి:

```
=ROUND(A2*96,0)/96
=HOUR(A2)
```

ఎక్సెల్‌కి ఒక రోజంటే 1. అందులో పావుగంటలు 96 కాబట్టి 96తో గుణించి, దగ్గరి పూర్ణసంఖ్య చేసి, మళ్ళీ 96తో భాగిస్తున్నాం. `MROUND(A2,"0:15")` కూడా ఇదే పని చేస్తుంది గానీ, సరిగ్గా ఏడున్నర నిమిషాల దగ్గర దశాంశాల తేడా వల్ల అది ఎటు మొగ్గుతుందో నమ్మకం లేదు. అందుకే నాకు మొదటిదే ఇష్టం.

మొదట్లో నన్ను బాగా టెన్షన్ పెట్టింది సెకన్లు. సెల్‌లో 9:07 అని కనిపిస్తుంది, ఫలితం మాత్రం 9:15 వస్తుంది. 9:00 కదా రావాలి! ఫార్ములా తప్పేమోనని చాలాసేపు వెతికాను. ఫార్మాట్‌ని `hh:mm:ss` చేసి చూస్తే అసలు సమయం 9:07:40. ఏడున్నర దాటింది కాబట్టి 9:15 రావడమే సరైనది. అప్పటి నుంచి సమయాల కాలమ్‌లో సెకన్లు దాచడం మానేశాను.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది, అది బయటపడటానికి చాలాకాలం పట్టింది. గంటని అసలు సమయం నుంచి కాకుండా, సరిచేసిన కాలమ్ నుంచి తీసేవాణ్ణి. 14:53కి వచ్చిన కాల్ 15:00 అవుతుంది, `HOUR` దానికి 15 అంటుంది. ఒక్క కాల్‌తో పోయేది కాదు ఇది. నా చార్టులో '15వ గంట' అంటే నిజానికి 14:52:30 నుంచి 15:52:30 దాకా. రద్దీ గంటల లెక్క మొత్తం ఏడున్నర నిమిషాలు పక్కకి జరిగిపోయింది.

అర్ధరాత్రి దగ్గర ఇది ఇంకా ఇబ్బంది. జూన్ 30న 23:53కి వచ్చిన కాల్ సరిచేస్తే జూలై 1, 0:00 అవుతుంది. గంట 23 బదులు 0, నెల కూడా మారిపోతుంది. జూన్ రిపోర్టులో ఒక కాల్ తగ్గిందేమిటని వెతుకుతుంటేనే నాకు ఈ సంగతి దొరికింది. ఇప్పుడు తేదీ, గంట రెండూ `A2` నుంచే తీస్తాను. పావుగంట కాలమ్‌ని బిల్లింగ్‌కి తప్ప ఇంకెక్కడా ముట్టను.

`HOUR` వాడేటప్పుడు మొత్తం గంటల సెల్ దగ్గర మాత్రం జాగ్రత్త. 26 గంటల 30 నిమిషాలకి అది 2 అని చెబుతుంది, పూర్తయిన రోజుని వదిలేసి. అక్కడ `=INT(A2*24)` వాడితే 26 వస్తుంది.